మంచి వేలు

ఛాతీ జబ్బుల ఓపీలో ఆమెను అందరూ వేళ్ళ సిస్టర్ అనేవారు. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, పెట్టినవాళ్ళ మీద ఆమెకు కోపం లేదు. లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది. పదమూడేళ్ళుగా అదే గది, అదే బల్ల. ఆ బల్ల ముందు ఎన్ని వేళ్ళు వచ్చి వెళ్ళాయో లెక్కే లేదు. ఒకసారి చేతిలో పట్టుకున్న వేలిని మనిషి మొహంకంటే బాగా గుర్తుపెట్టుకునేది. మనిషి పేరు అడిగితే బిక్కమొహం వేసేది గానీ, "ఆ చూపుడువేలు గోరు చితికిపోయినాయనా?" అంటే ఎప్పుడొచ్చాడో టక్కున చెప్పేసేది.

ఆమె పని చూడ్డానికి చాలా చిన్నది. దగ్గుతోనో ఆయాసంతోనో వచ్చినవాళ్ళ వేలికి ఆక్సీమీటరు తగిలించాలి. బట్టలారేసే క్లిప్పుకు చుట్టంలా ఉండే ఆ బుల్లి పెట్టె, రక్తంలో ఆక్సిజన్ వందకు ఎంత ఉందో అంకె చూపిస్తుంది. ఆ అంకె చీటీ మీద రాసి లోపలికి పంపాలి. గోడ మీద ఒక కాగితం అంటించి ఉండేది. తొంభై రెండు, ఆపైన ఉంటే మాత్రలిచ్చి ఇంటికి పంపి మూడు రోజులకు మళ్ళీ రమ్మనాలి. అంతకంటే తక్కువైతే మంచం ఇచ్చి ఆక్సిజన్ పెట్టాలి. అంటే ఇంటికా మంచానికా అన్నది ఆ అంకె తేల్చేది, ఆ అంకెను ఆమె తెచ్చేది.

తేవడమే. ఎందుకంటే ఆ పెట్టె అందరికీ మర్యాదగా అంకె చెప్పదు. చేతులు చల్లబడి ఉంటే వేళ్ళలోకి రక్తం సరిగా రాదు, నాడి దొరకదు. పెట్టె తడుముకుని తడుముకుని ఏదో తక్కువ అంకె పడేస్తుంది. కొత్తగా చేరినవాళ్ళు ఆ అంకె చూసి కంగారుపడి మంచాలు నింపేసేవాళ్ళు. వేళ్ళ సిస్టర్ మాత్రం వేడినీళ్ళ సంచీ చేతిలో పెట్టేది, అరచెయ్యి రుద్దేది, వేలు మార్చేది, అదీ కుదరకపోతే చెవితమ్మెకు పెట్టే క్లిప్పు తీసేది. తెర మీద నాడి గీత నిండుగా ఎగిరి పడేదాకా వదిలేది కాదు. అలా ఎక్కడో ఒకచోట సరైన అంకె పలికే వేలు దొరికేది. దాన్ని ఆ గదిలో 'మంచి వేలు' అనేవాళ్ళు. చీటీ మీద మంచి వేలు అంకె ఒక్కటే రాసేవాళ్ళు. ముందు వచ్చిన పిచ్చి అంకెలు ఎవరూ రాసేవాళ్ళు కాదు. రాయడం దండగని అందరి అభిప్రాయం, ఆమె అభిప్రాయం అంతకంటే గట్టిది.

ఆ రోజు పొద్దున్నుంచీ ముసురు. వచ్చినవాళ్ళందరి చేతులూ మంచుగడ్డల్లా ఉన్నాయి. మొదట వచ్చినావిడ బ్యూటీ పార్లర్ నడుపుతుంది. పది గోళ్ళకూ నల్లగా మెరిసే నీలం రంగు. పెట్టె తొంభై ఒకటి అంది. అది చూసి పార్లర్ ఆవిడ మొహం వాడిపోయింది.

"అమ్మో, మంచం ఎక్కించేస్తారా సిస్టర్?"

"మంచం సంగతి తర్వాత. ముందు ఈ రంగు సంగతి చూడాలి," అంటూ సిస్టర్ సొరుగులోంచి రిమూవర్ సీసా తీసింది.

"నిన్ననే వేసుకున్నానండీ! రెండు పూతలు!"

"ఆ రెండు పూతల వల్లే. ఈ క్లిప్పు వేలికి అటునుంచి ఇటు దీపం వేసి చూస్తుందమ్మా. దీపానికి అడ్డంగా మీరు తలుపేశారు. ఒక్క వేలికి తీస్తాను, మిగతా తొమ్మిదీ మీకే ఉంచుతాను, సరేనా?"

రంగు పోయింది, వేడినీళ్ళ సంచీతో చెయ్యి వెచ్చబడింది, పెట్టె తొంభై ఏడు అంది. పార్లర్ ఆవిడ ఒక గోరు బోసిగా, మనసు నిండుగా ఇంటికి వెళ్ళింది. లోపలి గదిలోంచి ఇదంతా చూస్తున్న చిన్న డాక్టరు నవ్వింది. ఆ అమ్మాయి వచ్చి నాలుగు నెలలే అయింది. "మీరు లేకపోతే ఈపాటికి ఆవిడకి ఆక్సిజన్ గొట్టం పెట్టేసేదాన్ని సిస్టర్," అంది. వేళ్ళ సిస్టర్ సీసా మూత బిగించింది. ఆ మూత బిగించిన తీరులోనే ఆమె సంతోషం తెలిసిపోయింది.

ఆ తర్వాత వచ్చారు అక్కాతమ్ముళ్ళు. తమ్ముడికి నలభై ఏళ్ళుంటాయి. చేపలు నిలవచేసే కోల్డ్ స్టోరేజీలో లోడింగు పని. నల్లటి మనిషి. మామూలు నలుపు కాదు, నిగనిగలాడే నలుపు. అక్క అతని రెక్క పట్టుకుని దాదాపు ఈడ్చుకొచ్చింది.

"ఐదు రోజుల్నుంచి జ్వరం, దగ్గు. అయినా డ్యూటీకి పోయాడు మహానుభావుడు. లోపల్నుంచి గేటు దగ్గరికి పిలిపించి ఇటు తెచ్చాను," అందావిడ. "ఒరేయ్, చెయ్యి చాపరా. సిస్టర్‌గారు కొరకరు."

తమ్ముడు చెయ్యి చాపాడు, ఏమీ మాట్లాడలేదు. మంచు గదిలోంచి వచ్చిన చెయ్యి, పైన వాన. పెట్టె ఎనభై తొమ్మిది అంది. నాడి గీత నీరసంగా వణుకుతోంది. సిస్టర్‌కు నవ్వొచ్చింది. ఇలాంటి చెయ్యి దొరికితే ఆమెకు పండగే.

"ఇది అంకె కాదమ్మా, చలి," అంది. సంచీ పెట్టింది, రుద్దింది, చూపుడువేలు వదిలి మధ్యవేలికి వెళ్ళింది. ఐదు నిమిషాలకు గీత నిండుగా లేచింది, లేచి నిలబడింది. తొంభై మూడు. ఒకటికి రెండుసార్లు చూసి చీటీ మీద రాసింది. ఎనభై తొమ్మిది ఎక్కడా రాయలేదు.

"మరి ఆయాసమో?" అక్క అడిగింది. "మెట్లెక్కుతూ రెండుసార్లు ఆగాడండీ. అయినా ఆయాసం సంగతి అలా ఉంచండి, వీడు మాట్లాడ్డం లేదు. మా ఇంట్లో వీడి నోరు మూయించాలంటే అన్నం పెట్టాల్సిందే. అలాంటివాడు పొద్దున్నుంచి నేను తిట్టినా ఎదురు తిట్టలేదు."

"జ్వరం కదమ్మా, నీరసం ఉంటుంది. లోపల ఆక్సిజన్ బాగానే ఉంది. మాత్రలు వాడండి, మూడు రోజులకు రండి."

చిన్న డాక్టరు ఛాతీ విని, కుడివైపు కింద నెమ్ము చేరిందని చెప్పి మందులు రాసింది. చీటీ మీద తొంభై మూడు చూసింది, గోడ మీద కాగితం చూసింది, సంతకం పెట్టింది. అక్కాతమ్ముళ్ళు కిందికి వెళ్ళారు. అక్క గుమ్మం దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి ఏదో అడగబోయి ఊరుకుంది.

పావుగంట తర్వాత సిస్టర్ ఖాళీ అయిన రిమూవర్ సీసా నింపించుకుందామని కింద స్టోర్‌కు దిగింది. మందుల కౌంటరు ముందు వరుసలో అక్క నిలబడి ఉంది. తమ్ముడు గోడవారగా మెట్టు మీద కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద ఊనుకుని ముందుకు వంగి ఉన్నాడు. ఊపిరి తీసిన ప్రతిసారీ భుజాలు పైకి లేస్తున్నాయి, మెడ పక్క నరాలు బిగుస్తున్నాయి.

సిస్టర్ ఆగింది. తొంభై మూడు ఉన్న మనిషి ఇలా కూర్చోడు.

పక్కన కూర్చుని అడిగింది. "ఇల్లెక్కడ బాబూ?"

"బస్సు డిపో… వెనకాల… మూడో… సందు."

ఆమె గడియారం చూస్తూ అతని ఛాతీ చూసింది. నిమిషానికి ముప్ఫై నాలుగుసార్లు ఊపిరి. మామూలు మనిషికి ఇరవై దాటదు. ఇంత దగ్గరగా ఐదు నిమిషాలు ఎదురుగా కూర్చోబెట్టుకుని, వేలు పట్టుకుని, ఒక్కసారైనా ఆ ఛాతీ వైపు చూడలేదే అనుకుంది. చూసిందల్లా వేలే.

చక్రాల కుర్చీలో అతన్ని పైకి తెచ్చింది. అక్క వెనకే పరుగు. మళ్ళీ క్లిప్పు పెట్టింది. చెయ్యి వెచ్చగా ఉంది, గోళ్ళకు రంగు లేదు, గీత బ్రహ్మాండంగా ఉంది. తొంభై మూడు. వేలు మార్చింది. తొంభై మూడు. వేరే పెట్టె తెచ్చింది. తొంభై మూడే.

"అంకె సరిగ్గానే ఉంది డాక్టరుగారూ, మనిషే సరిగ్గా లేడు," అంది. పదమూడేళ్ళలో ఆమె నోట అలాంటి మాట రావడం అదే మొదటిసారి.

అతని ఊపిరిని చిన్న డాక్టరు తనూ లెక్కపెట్టింది. తర్వాత ఏదో చెప్పబోయి అక్క వైపు, తమ్ముడి వైపు చూసి సిస్టర్‌ను కిటికీ దగ్గరికి పిలిచింది.

"సిస్టర్, చదువుకునేటప్పుడు ఒక మాట చెప్పారు. కొంచెం… చామనఛాయగా ఉన్నవాళ్ళకి ఈ పెట్టె…"

"చామనఛాయేంటండీ?" అక్కవి పాము చెవులు. "నలుపని చెప్పండి. వాడు పుట్టినప్పుడు కరెంటు పోయిందనుకున్నాం మేము. ఇప్పుడు కొత్తగా దాచేదేముంది? నలుపైతే ఏంటట?"

చిన్న డాక్టరు బుగ్గలు ఎర్రబడ్డాయి. కానీ ఇక దాచలేదు, అందరికీ వినబడేలానే చెప్పింది.

"ఈ క్లిప్పులో రెండు దీపాలుంటాయమ్మా. ఒకటి ఎర్రది, ఇంకోటి కంటికి కనబడదు. రెండూ వేలిలోంచి దూరి అవతలికి ఎంత వచ్చాయో చూసి రక్తంలో ఆక్సిజన్ ఎంతో లెక్కకడుతుంది. చర్మంలో నల్లరంగు ఎక్కువుంటే అది కూడా ఆ వెలుగును మింగుతుంది. ఈ పెట్టెలు తయారుచేసేటప్పుడు కొంతమంది రక్తం తీసి, అంకె సరిపోయిందో లేదో చూసి లెక్క కుదురుస్తారు. వాళ్ళలో ఎక్కువమంది తెల్లగా ఉన్నవాళ్ళే. అందుకని బాగా నల్లగా ఉన్నవాళ్ళలో కొందరికి అసలు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఆక్సిజన్ తగ్గేకొద్దీ ఆ తేడా పెరగొచ్చు కూడా."

"ఎక్కువా?" అంది సిస్టర్. "తక్కువ కాదా?"

"ఎక్కువ."

సిస్టర్ క్లిప్పు వైపు చూసింది. చలికి తక్కువ చూపిస్తుంది. గోళ్ళరంగుకు తక్కువ చూపిస్తుంది. చెయ్యి కదిపితే పిచ్చిగా చూపిస్తుంది. ఆ పెట్టె ఆమెకు నేర్పిన పాఠం ఒకటే, తక్కువ అంకెను నమ్మకూడదని. మంచి అంకె రాగానే ఆపెయ్యాలని ఆమె తనకు తానే నేర్చుకుంది, తర్వాత వచ్చినవాళ్ళందరికీ నేర్పింది. మంచి అంకెను కూడా అనుమానించాలన్న సంగతి ఈ పదమూడేళ్ళలో ఒక్కసారీ తట్టలేదు.

"అయితే ఎంత తీసెయ్యాలి? మూడా, నాలుగా?" అడిగింది.

"అలా తీసేసే లెక్క లేదు సిస్టర్. ఒకరికి తేడా ఏమీ ఉండదు, ఒకరికి రెండుంటుంది, ఇంకొకరికి ఏడెనిమిది ఉంటుంది. ఎవరికెంతో బయటికి తెలీదు. మణికట్టు దగ్గర ధమనిలోంచి రక్తం తీసి చూడాల్సిందే."

ఆ సూది మామూలు సూది కాదు, నొప్పి ఎక్కువ. తమ్ముడు మాత్రం కిమ్మనలేదు. అతను కిక్కురుమనకపోవడం చూసి అక్క మొదటిసారి ఏడ్చింది. సిరంజిలోకి వచ్చిన రక్తం ధమని రక్తంలా ఎర్రగా మెరవలేదు, ముదురుగా వచ్చింది. సిస్టర్ అతని కింది పెదవి నెమ్మదిగా కిందికి లాగి లోపలివైపు చూసింది. బయటి రంగు దాచినదాన్ని లోపలి చర్మం దాచలేదు. అక్కడ గులాబీ రంగు లేదు, బూడిద రంగు ఉంది. రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా డాక్టరు ఆక్సిజన్ పెట్టించింది.

సిరంజిని ఐస్‌లో పెట్టి ల్యాబుకు సిస్టర్ తనే పట్టుకెళ్ళింది, మిషను ముందు తనే నిలబడింది. కాగితం బయటికొచ్చింది. ఎనభై ఐదు.

తొంభై మూడు అని ఆమె చేత్తో రాసిన చీటీ ఇంకా పైన అక్క చేతిలోనే ఉంది. ఎనిమిది తేడా. ఇంట్లో మంచమెక్కి ఈ రాత్రి నిద్రపోతే తెల్లారేదో లేదో. మూడు రోజుల తర్వాత రమ్మంది తను.

పైకి వచ్చేసరికి తమ్ముడి భుజాలు కొంచెం దిగాయి. ఊపిరి ఇరవై ఎనిమిదికి వచ్చింది. మాస్కులోంచి అక్కను చూసి, "నలుపని… అందరి ముందు… అంటావా," అన్నాడు. అక్క ఏడుస్తూనే నవ్వింది. "అమ్మయ్య, వచ్చాడు," అంది.

తర్వాత ఆవిడ సిస్టర్ రెండు చేతులూ పట్టుకుంది. "మీరు కిందికి రాకపోయుంటే వీడు మాకు దక్కేవాడు కాదు. ఈ మేలు ఎలా మర్చిపోతాను తల్లీ."

సిస్టర్‌కు ఆ చేతులు వదిలించుకుని ఎక్కడికైనా పోవాలనిపించింది. కానీ ఆమె అబద్ధం మోసుకుతిరగగల మనిషి కాదు. అది ఆమె గొప్పా కాదు, లోపమూ కాదు, ఒంటితత్వం.

"నాకు దండం పెట్టకండమ్మా. ముందు ఎనభై తొమ్మిది వచ్చింది, మీరూ చూశారు. దాన్ని నేనే తుడిచేశాను. రుద్ది రుద్ది తొంభై మూడు చేసింది నేనే. ఇంటికి పంపించిందీ నేనే. మీరు ఆయాసమన్నారు, మాట్లాడ్డం లేదన్నారు. ఆ మాట వినాల్సింది పోయి వేలు పట్టుకుని కూర్చున్నాను."

అక్కకు కోపం వచ్చింది, అది మొహంలో కనబడింది. చేతులు వదిలేసింది. కానీ తర్వాత ఆ కోపంలోనే ఇంకేదో గుర్తొచ్చినట్టు కళ్ళు పెద్దవి చేసింది.

"నిన్న మేస్త్రీని చూసింది కూడా మీరేనా?"

"ఏ మేస్త్రీ?"

"వీళ్ళ లోడింగు మేస్త్రీ. వీడికీ ఆయనకీ ఒక్కసారే పట్టుకుంది ఈ జ్వరం. ఆయన నిన్న ఇక్కడికే వచ్చాడు. బోలెడంత ఆయాసం. 'ఏం లేదు, ఆక్సిజన్ దండిగా ఉంది, వేళ్ళ సిస్టర్ స్వయంగా చూసి చెప్పింది' అని అందరితో చెప్పాడు. ఆ మాట వినే వీడు ఇవాళ డ్యూటీకి పోయాడు. మేస్త్రీకే ఏమీ లేనప్పుడు నాకేముంటుందన్నాడు."

సిస్టర్ రిజిస్టరు ముందేసుకుని నిన్నటి పేజీ తిప్పింది. లోడింగు మేస్త్రీ, యాభై నాలుగేళ్ళు, తొంభై నాలుగు. వరుసలో వయసుంది, బరువుంది, జ్వరం ఉంది. మనిషి రంగుకు గడి లేదు. ముందు వచ్చిన అంకెకు గడి లేదు. కానీ వేలు గుర్తుంది. తాడు రాపిడికి అరచేతిలో కాయలు కాసిన చెయ్యి. వేడినీళ్ళ సంచీ రెండుసార్లు మార్చాల్సివచ్చింది. మొదట ఎంత వచ్చిందో మాత్రం ఎంత తన్నుకున్నా గుర్తురాలేదు. వేలు గుర్తున్న ఆమెకు ఆ వేలికి పైన మనిషి ఎలా ఉన్నాడో అసలే గుర్తురాలేదు.

అడక్క తప్పలేదు. పక్కనుంచి చిన్న డాక్టరు కూడా రిజిస్టరు మీదికి వంగింది.

"ఆయన రంగు ఎలా ఉంటుందమ్మా?"

అక్క ఈసారి నవ్వలేదు, వెటకారమూ చెయ్యలేదు. "మావాడి పక్కన నిలబడితే," అంది, "మావాడు తెల్లగా కనిపిస్తాడు."

రిజిస్టరులో ఉన్న నంబరుకు సిస్టర్ ఫోను చేసింది. చిన్న డాక్టరు అప్పటికే మెట్ల దగ్గరికి పరిగెత్తి అంబులెన్స్ డ్రైవరును కేకేస్తోంది. ఫోను చాలాసేపు మోగింది. ఒకసారి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఏడో మోతకు ఎవరో ఎత్తారు. ముందు మాట రాలేదు, ఊపిరి వచ్చింది. చిన్న చిన్న ఊపిరులు, ఒకదాని వెనక ఒకటి తోసుకుంటూ.

"మేస్త్రీగారూ, నేను ఆస్పత్రి సిస్టర్‌ని. ఎలా ఉంది? ఆయాసంగా ఉందా?"

"మీరా… తల్లీ," అన్నాడాయన. గొంతులో ఆమె ఫోను చేసినందుకు సంతోషం తెలుస్తూనే ఉంది. "కొంచెం… కష్టంగానే… ఉంది. మా ఆవిడ… ఆస్పత్రికి… పోదాం… అంటోంది. నేనే… వద్దన్నా."

"ఎందుకు వద్దన్నారు?"

"మీరు… తొంభై… నాలుగు… అన్నారు… కదమ్మా."